డబ్బు కట్టకముందే దొంగ దుకాణాన్ని పట్టుకోవడం

నకిలీ షాపింగ్ వెబ్‌సైటు అంటే సరుకు లేని దుకాణం. దాన్ని నిలబెట్టడానికి ఒక పూట చాలు. రెడీమేడ్ దుకాణం టెంప్లేటు దొరుకుతుంది, అసలు వ్యాపారి సైటు నుంచి ఫొటోలు, వర్ణనలు, వాపసు నిబంధనలు మక్కికి మక్కి దించుకోవచ్చు, ఐదు నక్షత్రాల రివ్యూలు తామే రాసుకోవచ్చు. అక్షర దోషాలు వెతకండి, డిజైను నాసిగా ఉందేమో చూడండి అనే పాత సలహా అందుకే ఇప్పుడు పెద్దగా పనిచేయదు. పేజీ మీద కంటికి కనిపించేదంతా మోసగాడు రాసుకున్నదే. అతని చేతిలో అంతగా లేనివి రెండున్నాయి: ఆ దుకాణం గతం, డబ్బు చివరికి చేరే పేరు. పరిశీలన అంతా ఈ రెండింటి చుట్టూ తిరగాలి.

తరచుగా కనిపించే మోసాల తీరును కలిపి అల్లిన ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం సులువుగా తెలుస్తుంది. దసరా ముందు ఫేస్‌బుక్‌లో ఒక ప్రకటన వస్తుంది. ధర్మవరంలో 1994 నుంచి నడుస్తున్న కుటుంబ దుకాణమట, పెద్దాయన ఆరోగ్యం బాగాలేక మూసేస్తున్నారట, మిగిలిన సరుకంతా తెగనమ్ముతున్నారట. చేనేత పట్టు చీర అసలు ధర 12,500 రూపాయలు, ఇవాళ్టికి 999. నొక్కితే చక్కటి వెబ్‌సైటు తెరుచుకుంటుంది. పైన గడియారం వెనక్కి నడుస్తుంటుంది. ఇంకా పద్నాలుగు నిమిషాలే ఉన్నాయి, స్టాకులో మూడు చీరలే మిగిలాయి.

మొదట ధర లెక్క. 12,500 చీర 999కి అంటే 92 శాతం తగ్గింపు. సీజను చివర్లో పాత సరుకు వదిలించుకోవడానికి నిజమైన దుకాణాలు ముప్పై, నలభై, ఒక్కోసారి యాభై శాతం తగ్గిస్తాయి. అంతకు మించితే పెట్టుబడి మునుగుతుంది. అచ్చమైన పట్టు చీరకు సుమారు అరకిలో పట్టు పడుతుంది. పట్టు నూలు కిలో వేలల్లో పలుకుతుంది. జరీ, అద్దకం, రోజుల తరబడి మగ్గం మీద కూర్చున్న నేత కార్మికుడి కూలీ లెక్క వేయకుండానే, ఒక్క నూలు ఖర్చే 999 దాటిపోతుంది. కొట్టివేసిన గీత కింద ఉన్న 12,500 కూడా అమ్మేవాడు తనకు తోచినట్టు వేసుకున్న అంకె. కాబట్టి తగ్గింపు శాతాన్ని చూడకుండా, అదే వస్తువు బయట ఎంతకు దొరుకుతోందో చూసి, ముడిసరుకు ఖర్చుకైనా ఈ ధర సరిపోతుందా అని అడగాలి.

అయితే ఈ లెక్కతో తేలేది ఒక్కటే: అది చేనేత పట్టు కాదు. దుకాణం పూర్తిగా దొంగదా, లేక మరమగ్గం పాలిస్టరు చీరను పట్టు చీరగా అమ్ముతోందా అన్నది ఇంకా తేలలేదు. ఇలాంటి చోట కొన్నవాళ్లకు మూడు రకాల నష్టాలు జరుగుతుంటాయి. కొందరికి ఏమీ రాదు. కొందరికి నూటయాభై రూపాయల విలువ చేయని నాసి చీర వస్తుంది. రేపు కొన్నవాళ్లు బ్యాంకులో ఫిర్యాదు చేస్తే, పార్సిలు అందింది కదా అని చూపడానికి అది పనికొస్తుంది. మూడో రకంలో దొంగకు 999 మీద ఆసక్తే ఉండదు. డబ్బు కట్టే పేజీలో టైపు చేసిన కార్డు నంబరు, ఓటీపీ అతనికి కావాలి. ఈ రకాన్ని గుర్తుపెట్టుకోవడం చాలా అవసరం. ఎందుకంటే పోతే పోయింది వెయ్యి రూపాయలే కదా అనే ధైర్యంతోనే చాలామంది ముందుకు వెళ్తారు.

వెనక్కి నడిచే గడియారం సంగతి తేల్చడం తేలిక. అదే లింకును బ్రౌజరులో ప్రైవేటు విండో తెరిచి మళ్లీ చూడాలి. గడియారం మొదటి నుంచి మొదలైతే, ఆ గడువు ఎవరికీ వర్తించని గడువు. ఇలా లేని తొందరను పుట్టించడాన్ని కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు నిషేధిత ఎత్తుగడల జాబితాలో చేర్చాయి. తొందర పెట్టడంలో ఉద్దేశం ఒక్కటే, కింద చెప్పబోయే పది నిమిషాల పరిశీలనకు తీరిక లేకుండా చేయడం.

ఆ పరిశీలన వెబ్‌సైటు చిరునామాతో మొదలవుతుంది. చిరునామాను చాలామంది ఎడమ నుంచి కుడికి చదువుతారు. ముందు తెలిసిన పేరు కనిపించగానే నమ్ముతారు. కానీ సైటు ఎవరిదో చెప్పే భాగం చివర్లో ఉంటుంది. ఈ చిరునామా చూడండి:

```
https://flipkart.com.dasara-sale.example/silk
```

మొదటి జంట గీతల తర్వాత వచ్చే తొలి ఒంటి గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదవాలి. `example`, దానికి ముందు `dasara-sale`. ఈ రెండూ కలిసిందే సైటు అసలు పేరు. దానికి ముందున్న `flipkart.com` ఆ సైటు యజమాని తన ఇష్టప్రకారం తగిలించుకున్న ముక్క. అలా ఏ పేరైనా తగిలించుకోవచ్చు. ఇక్కడ `example` అన్నది ఉదాహరణల కోసమే కేటాయించిన తోక. అసలు మోసాల్లో దాని స్థానంలో `shop`, `top`, `xyz` లాంటివి ఎక్కువగా కనిపిస్తాయి, `com`, `in` కూడా ఉండవచ్చు. `co.in` లాంటి రెండు ముక్కల తోక ఉంటే మాత్రం దానికి ముందున్న పేరుదాకా చదవాలి.

చిరునామా పక్కన తాళం బొమ్మ ఉంటే సైటు మంచిదన్న నమ్మకం ఇప్పటికీ గట్టిగానే ఉంది. ఫోనుకూ సైటుకూ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే తాళం చెబుతుంది. అవతల కూర్చున్నది దొంగ అయితే, సమాచారం భద్రంగా ఆ దొంగకే చేరుతుంది. ఈ ధ్రువపత్రాలు ఇప్పుడు ఉచితంగా, నిమిషాల్లో, ఎవరికైనా దొరుకుతాయి. తాళాన్ని జనం నమ్మకానికి గుర్తుగా పొరబడుతున్నారనే గూగుల్ 2023లో తన క్రోమ్ బ్రౌజరు నుంచి ఆ బొమ్మను తీసేసింది.

ఇక గతం. ప్రతి వెబ్‌సైటు పేరుకూ నమోదు తేదీ ఉంటుంది. `lookup.icann.org` లో సైటు పేరు వేసి వెతికితే `Created` అన్న చోట ఆ తేదీ కనిపిస్తుంది. యజమాని పేరు చాలాసార్లు దాచి ఉంటుంది. అది ఇప్పుడు మామూలే, దాన్ని బట్టి అనుమానించనక్కర్లేదు. తేదీ మాత్రం దాగదు. 1994 నుంచి ఉన్నామనే దుకాణం సైటు పందొమ్మిది రోజుల కిందట నమోదైతే, దానికి నమ్మదగిన వివరణ ఏదీ ఉండదు. మూసేస్తున్న దుకాణం కొత్తగా వెబ్‌సైటు ఎందుకు పెట్టించుకుంటుంది?

అయితే పాత తేదీ కనిపించగానే నిశ్చింతగా ఉండకూడదు. 2024 మేలో జర్మనీకి చెందిన ఎస్‌ఆర్ ల్యాబ్స్ అనే భద్రతా సంస్థ ఒక పెద్ద ముఠా పనిని బయటపెట్టింది. ఆ ముఠాకు బోగస్‌బజార్ అని పేరు పెట్టింది. 75,000కు పైగా సైటు పేర్ల మీద నకిలీ దుకాణాలు నడిపారు. ఎనిమిదిన్నర లక్షల మందికి పైగా వాటిలో ఆర్డర్లు పెట్టారు. బాధితులు ఎక్కువగా పశ్చిమ యూరప్, అమెరికా వాళ్లు. వాళ్ల పద్ధతిలో గమనించాల్సింది ఇదీ: ఎవరో ఒకప్పుడు నడిపి, గడువు తీరాక వదిలేసిన పాత పేర్లను వాళ్లు కొనేవారు. గూగుల్‌లో ఆ పేర్లకు అప్పటికే మంచి గుర్తింపు ఉండేది. కొందరు బాధితుల నుంచి కార్డు వివరాలు, కొందరి నుంచి డబ్బు లాగేవారు.

ఈ ఎత్తుకు విరుగుడు `web.archive.org`. వెబ్‌సైట్లు వేర్వేరు కాలాల్లో ఎలా ఉండేవో అక్కడ ప్రతులు దాచి ఉంటాయి. సైటు పేరు వేసి రెండు మూడేళ్ల కిందటి ప్రతి తెరిస్తే అసలు సంగతి తెలుస్తుంది. నేడు పట్టు చీరలు అమ్ముతున్న పేరు మీద నాలుగేళ్ల కిందట ఒక పాఠశాల సైటో, పరాయి దేశంలోని హోటలు సైటో ఉండేదని కనిపిస్తే, ఆ పాతదనం అద్దెకు తెచ్చుకున్నదే. చిన్న సైట్లకు ప్రతులు లేకపోవచ్చు. లేకపోవడం తప్పుకు రుజువు కాదు, మంచికీ కాదు.

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీలకూ ఇదే సూత్రం. అనుచరుల సంఖ్యను చూసి నమ్మడం వృథా, దాన్ని కొనుక్కోవచ్చు. చూడాల్సింది పేజీ పుట్టుక. ఫేస్‌బుక్ పేజీలో `About` లోకి వెళ్తే `Page transparency` అనే భాగం ఉంటుంది. పేజీ ఎప్పుడు మొదలైంది, మధ్యలో పేరు ఎన్నిసార్లు మారింది అన్నవి అక్కడ కనిపిస్తాయి. చాలా పేజీలకు దాన్ని నడిపేవాళ్లు ఏ దేశంలో ఉన్నారో కూడా చూపిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా పేరు మీదో, పైనున్న మూడు చుక్కల మీదో నొక్కితే `About this account` వస్తుంది. చేరిన తేదీ, పాత పేర్లు, ఏ దేశం నుంచి నడుస్తోంది అన్న వివరాలు చాలా వ్యాపార ఖాతాలకు ఇందులో ఉంటాయి.

మన ఉదాహరణలోని పేజీని ఇలా తెరిచి చూస్తే, 2017లో అది ఒక సినిమా నటుడి అభిమానుల పేజీగా మొదలైంది. నిరుడు ఏదో వంటల పేజీ అయ్యింది. పోయిన నెలలో ధర్మవరం పట్టు దుకాణంగా పేరు మార్చుకుంది. నడిపేవాళ్లలో భారతదేశంలో ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. పేజీలో కనిపించే లక్ష మంది అనుచరులు చీరల కోసం వచ్చినవాళ్లు కారు, ఆ నటుడి కోసం చేరినవాళ్లు. ఇలా పాత పేజీలను కొనడమో, హ్యాక్ చేసి లాక్కోవడమో చేసి వాడుకోవడం మామూలైపోయింది.

దీనికన్నా బలమైన పరీక్ష ఇంకొకటి ఉంది. దాని గురించి తెలిసినవాళ్లు తక్కువ. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో నడుస్తున్న ప్రకటనలన్నిటినీ మెటా సంస్థ `facebook.com/ads/library` లో ఎవరైనా చూసేలా ఉంచింది. అకౌంటు లేకుండానే చూడవచ్చు. దేశంగా `India`, రకంగా `All ads` ఎంచుకుని, ప్రకటనలో ఉన్న వాక్యంలోంచి నాలుగైదు మాటలను అలాగే వేసి వెతకాలి. అదే కథ, అదే పెద్దాయన, అదే చీర ఫొటో, కానీ పది పదిహేను వేర్వేరు పేజీల పేర్లతో ప్రకటనలు బయటపడితే ఇక తేల్చాల్సింది ఏమీ లేదు. ఒక్క కుటుంబ దుకాణం పదిహేను పేర్లతో మూతపడదు. ప్రతి ప్రకటన కిందా అది మొదలైన తేదీ కూడా ఉంటుంది. అన్నీ ఒకే వారంలో మొదలై ఉంటే, ఒక పేజీని ఫేస్‌బుక్ తొలగించినా ఇంకొకటి నడిచేలా వేసిన పథకం అది. ప్రకటన ఇప్పుడు కనిపించకపోతే మాత్రం పెద్ద అర్థం తీయకూడదు, ఆగిపోయిన వ్యాపార ప్రకటనలు మన దేశంలో ఆ జాబితాలో మిగలవు.

ఫొటో సంగతి రెండు ముక్కల్లో తేలుతుంది. చీర బొమ్మ మీద గూగుల్ లెన్స్‌తో వెతికితే అదే చీర, అదే మడత, అదే మోడల్‌తో ఎక్కడెక్కడ ఉందో తెలుస్తుంది. పేరున్న దుకాణం సైటులో 12,500 ధరతో అదే ఫొటో ఉంటే, అది అక్కడి నుంచి తెచ్చుకున్న బొమ్మ. చీర అక్కడే ఉంది.

గతం తర్వాత పేరు. అమ్మేవాళ్లు ఎవరో చెప్పి తీరాలని మన చట్టమే అంటుంది. 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ తన చట్టబద్ధమైన పేరు, ప్రధాన కార్యాలయం చిరునామా, కస్టమర్ కేర్ వివరాలు, ఫిర్యాదుల అధికారి పేరు, ఫోను, ఈమెయిలు సైటులో స్పష్టంగా పెట్టాలి. ఆ అధికారి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి. నకిలీ సైటులో ఈ భాగం తెరిస్తే ఒక జీమెయిల్ చిరునామా, ఒక వాట్సాప్ నంబరు తప్ప ఏమీ ఉండవు. లేదా ఒక చిరునామా ఉంటుంది, మ్యాపులో చూస్తే అక్కడ అపార్టుమెంటో ఖాళీ స్థలమో కనిపిస్తుంది.

కొన్ని సైట్లు ఇంకాస్త ధైర్యం చేసి జీఎస్టీ నంబరు కూడా వేస్తాయి. అది ఉంటే పరిశీలన ఇంకా సులువు. `services.gst.gov.in` లో `Search Taxpayer` కింద ఆ నంబరు వేస్తే, లాగిన్ లేకుండానే, అది ఎవరి పేరు మీద ఉంది, ఎప్పుడు నమోదైంది, ఇంకా అమల్లో ఉందా, వ్యాపార స్థలం ఎక్కడ అన్నవి వస్తాయి. వెతకకముందే నంబరు కొంత చెప్పేస్తుంది. పదిహేను అక్షరాల్లో మొదటి రెండు రాష్ట్రానివి. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. ధర్మవరం దుకాణానికి 24తో మొదలైతే అది గుజరాత్ నంబరు. ఆరో అక్షరం యజమాని రకం చెబుతుంది: వ్యక్తి అయితే P, భాగస్వామ్య సంస్థ అయితే F, కంపెనీ అయితే C. సైటు కింద ప్రైవేట్ లిమిటెడ్ అని రాసి నంబరులో ఆరో అక్షరం P ఉంటే రెండింట్లో ఒకటి అబద్ధం. ఉదాహరణలోని సైటు వేసుకున్న నంబరు నిజమైనదే, కానీ సూరత్‌లో హార్డ్‌వేర్ సామాను అమ్మే వ్యక్తిది. తన నంబరు ఇలా వాడుకుంటున్నారని పాపం ఆయనకే తెలియదు.

ఇక్కడ చిన్న అమ్మకందారుల పట్ల న్యాయంగా ఉండాలి. ఇంట్లో నుంచి చీరలు అమ్మే మహిళలకూ, సొంత మగ్గం మీద నేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే నేతన్నలకూ జీఎస్టీ నంబరు ఉండాలని లేదు. వాళ్ల అమ్మకాలు ఆ పరిమితి దాటకపోవచ్చు, చేతివృత్తుల సరుకుకు కొన్ని మినహాయింపులూ ఉన్నాయి. వాళ్ల పేజీ కొత్తదే కావచ్చు. నంబరు లేకపోవడం మోసం కాదు; దొంగ నంబరు వేసుకోవడం మోసం. కొత్తగా ఉండటం తప్పు కాదు. కొత్తగా ఉండి ముప్పై ఏళ్ల పేరు చెప్పుకోవడం తప్పు. ఇలాంటివాళ్ల దగ్గర కొనేముందు వీడియో కాల్‌లో చీర చూపించమని అడగడం వ్యాపారంలో మామూలు విషయమే. కొంగు తిప్పి చూపమనాలి, అంచు వెనక వైపు జరీ చూపమనాలి. సరుకు చేతిలో ఉన్నవాళ్లు ఓపిగ్గా చూపిస్తారు. లేనివాళ్లు పాత వీడియో ఒకటి పంపి, ముందు అడ్వాన్సు వేయండి అంటారు.

చివరి పరీక్ష డబ్బు కట్టే చోట. ముందరివన్నీ చూడటానికి తీరిక లేకపోయినా దీన్ని వదలకూడదు. యూపీఐలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక, పిన్ కొట్టకముందు డబ్బు అందుకునేవాళ్ల పేరు తెర మీదకు వస్తుంది. ఎవరో తోచినట్టు పెట్టుకున్న పేరు కాకుండా బ్యాంకు ఖాతాలో నమోదైన పేరునే యాప్‌లు చూపాలని ఎన్‌పీసీఐ నిర్దేశించింది. 2025 జూన్ చివరి నుంచి అది అమల్లోకి వచ్చింది. పేరు చదవాలి. అక్కడ ఒక వ్యక్తి పేరు కనిపించినంత మాత్రాన దొంగ అనుకోనక్కర్లేదు. సొంత వ్యాపారం చేసుకునేవాళ్ల ఖాతా వాళ్ల పేరు మీదే ఉండవచ్చు, జీఎస్టీ నమోదులోనూ చట్టపరమైన పేరుగా వాళ్ల పేరే ఉంటుంది. చూడాల్సింది పొత్తు. సైటులో ఒక పేరు, జీఎస్టీలో ఇంకొకటి, తెర మీద ఏ సంబంధమూ లేని మూడోది వస్తే, డబ్బు ఎవరిదో అద్దె ఖాతాలోకి వెళ్తోందని అర్థం. అలాంటి ఖాతాల్లో పడ్డ డబ్బు నిమిషాల్లో వేరే చోటికి మారిపోతుంది.

అనుమానం ఉన్న యూపీఐ ఐడీ, ఫోను నంబరు, సైటు పేరును `cybercrime.gov.in` లోని అనుమానితుల జాబితాలో వెతకవచ్చు. వాటి మీద ఇప్పటికే ఫిర్యాదులు వచ్చి ఉంటే తెలుస్తుంది. నిన్న తెరిచిన ఖాతా అందులో ఉండదు కాబట్టి, జాబితాలో లేదంటే మంచిదని కాదు.

చెల్లింపు పద్ధతిని బట్టి కూడా నష్టం మారుతుంది. యూపీఐలో మనం పిన్ కొట్టి పంపిన డబ్బు అవతల పడ్డాక, సరుకు రాలేదని బ్యాంకు దాన్ని వెనక్కి తెచ్చివ్వడం కష్టం. కార్డుతో కడితే సరుకు అందలేదని బ్యాంకులో వివాదం నమోదు చేసే మార్గం ఉంది. అందుకే నకిలీ సైట్లలో కార్డు మీట ఉన్నా ప్రస్తుతం పనిచేయడం లేదని వచ్చి, క్యూఆర్ కోడ్ ఒక్కటే మిగులుతుంటుంది. కార్డు మీట పనిచేస్తే ఇందాక చెప్పిన మూడో రకం ప్రమాదం ఉంటుంది. అక్కడ కాపాడేది ఓటీపీ సందేశమే. అందులో ఎంత మొత్తం, ఎవరికి అని రాసి ఉంటుంది. చాలామంది ఆరు అంకెలు మాత్రమే చూసి కొట్టేస్తారు. 999 చీరకు వచ్చిన సందేశంలో 49,990 అని, ఊరూ పేరూ తెలియని విదేశీ వ్యాపారి అని ఉంటే, ఆ అంకెలు ఎక్కడా టైపు చేయకూడదు.

సరుకు అందాక డబ్బు ఇచ్చే పద్ధతి క్షేమమని అందరికీ ఒక నమ్మకం. కొంతవరకే నిజం. ఆ ఆర్డరు ఖాయం చేయడానికి ముందు 99 పంపండి అంటే అది అక్కడే ముందస్తు చెల్లింపు అయిపోయింది, 99 రూపాయలు వేలమంది పంపితే దొంగకు అదే చాలు. అడ్వాన్సు లేకుండా పార్సిలు వచ్చినా, కొరియర్ మనిషి డబ్బు చేతిలో పడ్డాకే పెట్టె ఇస్తాడు. విప్పి చూస్తే లోపల పాత గుడ్డ ఉంటే అతనేమీ చేయలేడు. అతను తీసుకున్న డబ్బు అమ్మినవాళ్లకు కొన్ని రోజుల తర్వాత చేరుతుంది. అందుకే విప్పిన వెంటనే, అదే రోజు, పార్సిలు మీది ట్రాకింగ్ నంబరుతో కొరియర్ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే చెల్లింపు ఆగే అవకాశం కొంత ఉంటుంది. డబ్బు ఇచ్చే ముందే విప్పి చూపించే ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే దాన్నే ఎంచుకోవాలి. అది లేని చోట, పార్సిలు మీద పంపినవాళ్ల పేరు, చిరునామా చదివి, సైటులో ఉన్న పేరుతో పొత్తు లేకపోతే తీసుకోకుండా తిప్పి పంపేయవచ్చు. తిప్పి పంపితే కేసు పెడతామని, రవాణా ఖర్చు కట్టాలని వాట్సాప్‌లో బెదిరిస్తూ సందేశాలు వస్తుంటాయి. డబ్బు కట్టని ఆర్డరు మీద ఆ బెదిరింపులకు జవాబివ్వాల్సిన పనిలేదు.